2ⁿ + 1 ఏడుకి ఎందుకు లొంగదు?

ప్రశ్న: మా అమ్మాయి ఒలింపియాడ్‌కి తయారవుతోంది. పాత పుస్తకంలోని ఒక లెక్కని ఫోన్‌లో ఫొటో తీసి పంపుతున్నాను. మొదటి భాగానికి కొన్ని విలువలు వేసి చూసి జవాబు చెప్పేసింది. రెండో భాగంలో ‘ఎప్పటికీ భాగించదు’ అని నిరూపించాలట. ఎన్ని విలువలు వేసినా అది నిరూపణ ఎలా అవుతుందని అడుగుతోంది. కాస్త నిదానంగా చెప్పండి.

జవాబు: అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. వెయ్యి విలువలు వేసినా అది నిరూపణ కాదు. అయితే ఇంకొక సంగతి చెబితే, మూడు విలువలతోనే నిరూపణ అయిపోతుంది. దాని దగ్గరకి వెళ్లే ముందు ఫొటో సంగతి తేల్చుకుందాం.

ఫొటోలో పేజీ వంగి ఉంది, అక్షరాలు మసకబారాయి. మొదటి భాగంలో ఉన్నది 2ⁿ − 1 ఆ, లేక 2ⁿ⁻¹ ఆ అన్నది కంటికి ఆనడం లేదు. ఇలాంటప్పుడు లెక్కనే అడగాలి. 2ⁿ⁻¹ అంటే రెండుని రెండుతోనే గుణించుకుంటూ పోగా వచ్చే సంఖ్య. అందులో 2 తప్ప వేరే ప్రధాన సంఖ్య ఉండదు కాబట్టి 7 దాన్ని ఏనాడూ భాగించదు. అలాంటప్పుడు ‘7 భాగించే n విలువలన్నీ కనుక్కోండి’ అని అడగడంలో అర్థమే లేదు. కాబట్టి అది 2ⁿ − 1. అలాగే రెండో భాగంలోది 2ⁿ + 1. ఇది 1964లో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లోని మొదటి ప్రశ్న. 2ⁿ − 1ని 7 నిశ్శేషంగా భాగించే ధన పూర్ణసంఖ్యలు n అన్నీ కనుక్కోమని మొదటి భాగం, 2ⁿ + 1ని 7 భాగించే n ఒక్కటీ లేదని నిరూపించమని రెండో భాగం.

ఇక లెక్క. 2, 4, 8, 16, 32, 64 అంటూ పోయే ఈ సంఖ్యలు చూస్తుండగానే చేతికి అందనంత పెద్దవైపోతాయి. కానీ మనకి వాటితో పని లేదు. 7తో భాగిస్తే మిగిలే శేషం చాలు. ఎందుకు చాలు? ఒక మెట్టులో సంఖ్య 7q + r అనుకోండి. దాన్ని రెట్టింపు చేస్తే 14q + 2r. ఇందులో 14q ఎలాగూ 7 గుణిజమే, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. మిగిలింది 2r. అంటే తర్వాతి శేషం తెలియాలంటే ఇప్పటి శేషాన్ని రెట్టింపు చేసి, అది 7 దాటితే 7 తీసేస్తే సరి. q ఎంత పెద్దదన్నది ఎవరికీ అక్కర్లేదు. మాడ్యులో 7 లెక్క అంటే ఇంతే.

చేసి చూద్దాం. 2కి శేషం 2. 4కి శేషం 4. 8కి శేషం 1. ఇక్కడ ఆగి చూడండి. తర్వాతి శేషం ఇప్పటి శేషం మీదే ఆధారపడుతుందని ఇప్పుడే అనుకున్నాం. 1కి చేరాక తర్వాత రావలసింది 2, ఆ తర్వాత 4, మళ్లీ 1. దీనికి వేరే దారి లేదు. 2, 4, 1 అన్న చక్రం ఎంత దూరం వెళ్లినా ఇలాగే తిరుగుతుంది. మీ అమ్మాయి పట్టిక వేసినప్పుడు చూసింది ఈ చక్రాన్నే. అది ఎందుకు తిరుగుతుందో రాయకపోవడం వల్లే పట్టిక నిరూపణ కాలేకపోయింది. నేను చెప్పిన ఆ ఇంకొక సంగతి ఇదే.

మొదటి భాగం ఇప్పుడు చిటికెలో పని. 2ⁿ − 1ని 7 భాగించాలంటే 2ⁿ శేషం 1 అవ్వాలి. అది n మూడు గుణిజం అయినప్పుడే వస్తుంది. రెండో భాగంలో 2ⁿ + 1ని 7 భాగించాలంటే 2ⁿ శేషం 6 అవ్వాలి. చక్రంలో ఉన్నవి 2, 4, 1 మాత్రమే, 6 లేదు. నిరూపణ పూర్తయింది.

ఇక్కడ చాలామంది పిల్లలు ఒక దగ్గర జారిపోతారు. 2¹⁰ శేషం కావాలంటే, 7తో భాగిస్తున్నాం కదా అని ఘాతాంకాన్ని కూడా 7తోనే భాగిస్తారు. 10లో 7 పోతే 3, 2³ అంటే 8, శేషం 1 అని రాసేస్తారు. నిజానికి 2¹⁰ అంటే 1024. అందులో 1022 ఏడు గుణిజం, శేషం 2. తప్పు ఎక్కడ? కింద ఉన్న సంఖ్యకి 7 వర్తిస్తుంది. పైన ఉన్న ఘాతాంకానికి మాత్రం చక్రం పొడవు, అంటే 3 వర్తిస్తుంది. 10ని 3తో భాగిస్తే శేషం 1, కాబట్టి జవాబు 2¹, అంటే 2. అనుమానం వచ్చినప్పుడు ఇలా చిన్న ఘాతం ఒకటి చేత్తో వేసి చూసుకుంటే తప్పు వెంటనే బయటపడుతుంది.

పరీక్షకి ఇంతే చాలు. కానీ 6 రాలేదు అన్నది కంటితో చూసి చెప్పిన మాట. అసలు ఎందుకు రాలేదు? ఈ లెక్కలో నాకు నచ్చేది ఆ ప్రశ్నే. 6 అంటే 7కి ఒకటి తక్కువ, కాబట్టి దాన్ని −1 అనుకోవచ్చు. ఏదో ఒక n దగ్గర 2ⁿ శేషం −1 అయిందనుకుందాం. దాన్ని వర్గం చేస్తే 2²ⁿ శేషం 1 అవుతుంది. శేషం 1 వచ్చిందంటే 2n మూడు గుణిజం కావాలి. 3 బేసి సంఖ్య కాబట్టి ఆ 2తో దానికి సంబంధం లేదు, n అన్నదే 3 గుణిజం కావాలి. కానీ అప్పుడు 2ⁿ శేషం 1 అవ్వాలి, మనం −1 అనుకున్నాం. రెండూ ఒకటి కావాలంటే 7 అనేది 2ని భాగించాలి, అది జరగని పని.

ఈ వాదనలో 7కి ప్రత్యేకత ఏమీ లేదని గమనించారా? చక్రం పొడవు బేసి సంఖ్య కావడమే పని చేసింది. 23 తీసుకోండి. 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. 11 ప్రధాన సంఖ్య, 2¹ శేషం 1 కాదు, కాబట్టి చక్రం పొడవు సరిగ్గా 11. అదీ బేసే. కాబట్టి పదకొండు శేషాల పట్టిక వేయకుండానే, 2ⁿ + 1ని 23 ఎన్నటికీ భాగించదని చెప్పేయొచ్చు. 31కి చక్రం పొడవు 5, అక్కడా అంతే.

మరి చక్రం పొడవు సరి సంఖ్య అయితే −1 తప్పక వస్తుందా? భాజకం ప్రధాన సంఖ్య అయితే వస్తుంది. 5కి చక్రం 2, 4, 3, 1. సగం దూరంలో 4 ఉంది, అదే −1. కారణం ఇది: సగం దూరంలో వచ్చే శేషాన్ని x అంటే, x² శేషం 1, కాబట్టి (x − 1)(x + 1)ని ఆ ప్రధాన సంఖ్య భాగిస్తుంది. ప్రధాన సంఖ్య లబ్ధాన్ని భాగిస్తే రెండింటిలో ఒకదాన్ని భాగించి తీరాలి. x − 1ని భాగిస్తే చక్రం సగంలోనే ముగిసిపోయేది. కాబట్టి భాగించేది x + 1నే.

ప్రధాన సంఖ్య కాకపోతే ఈ హామీ లేదు. 15కి చక్రం 2, 4, 8, 1. పొడవు నాలుగు, సరి సంఖ్యే. అయినా 14 అందులో లేదు. సగం దూరంలో ఉన్నది 4. 4 − 1 అంటే 3, 4 + 1 అంటే 5. 15 ఈ రెండింటి మధ్యా చీలిపోయింది, ఏ ఒక్కదాన్నీ పూర్తిగా భాగించలేదు. ఇంకోలా చూస్తే, 2ⁿ + 1ని 3 భాగించాలంటే n బేసి కావాలి, 5 భాగించాలంటే n సరి సంఖ్య కావాలి. రెండూ ఒకేసారి కుదరవు. అమ్మాయిని ఇప్పుడు 21కి, 33కి ఏమవుతుందో చూడమనండి. ఒకదానికి −1 వస్తుంది, ఇంకోదానికి రాదు.