కార్డుకు ఒక్క అడుగు

రోజు, వారం, నెల అంటూ విరామం పెంచుకుంటూ కార్డులతో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివేవారు చాలామంది ముందువైపు ‘ఎస్‌ఎన్1 మెకానిజం?’ అని రాసి, వెనకవైపు మొత్తం గీసేస్తారు. తప్పు పోయినప్పుడు ఏ అడుగు మరిచిపోయారో ఆ కార్డు చెప్పలేదు.

టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్, నీటి మధ్య చర్యనే తీసుకుందాం. మొదటి కార్డు ముందువైపు ఆ రెండింటినీ గీసి, ‘మొదటి బాణం ఎక్కడి నుంచి ఎక్కడికి?’ అని అడగాలి. వెనకవైపు కార్బన్–బ్రోమిన్ బంధం నుంచి బ్రోమిన్ మీదికి బాణం, కింద కారణం: ‘మూడు మిథైల్ గ్రూపులు కార్బోకాటయాన్‌కు స్థిరత్వం ఇస్తాయి.’ రెండో కార్డు ఆ కార్బోకాటయాన్‌తో మొదలవుతుంది. జవాబు, నీటి ఆక్సిజన్‌పై ఉన్న ఎలక్ట్రాన్ జంట నుంచి కార్బన్ మీదికి బాణం. మూడో కార్డులో మరో నీటి అణువు ప్రోటాన్‌ను తీసుకుపోతే ఆల్కహాల్ మిగులుతుంది.

ముందువైపు మెకానిజం పేరు రాయకూడదు. పేరు కనిపిస్తే దారి ఎంచుకునే పనే ఉండదు. అందుకే మిథైల్ బ్రోమైడ్, హైడ్రాక్సైడ్‌లతో ఇంకో కార్డు కావాలి. అక్కడ జవాబు ఎస్‌ఎన్2: ఒకే అడుగు, బ్రోమిన్‌కు ఎదురువైపు నుంచి దాడి.

రియేజెంట్ చూడకముందే జవాబు తడుతోందంటే గుర్తున్నది బొమ్మ ఆకారమే. అప్పుడు అణువును తిప్పి గీసి కార్డు మార్చాలి.