చీర బేరం పండగకు మూడు వారాల ముందే

2024లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న వచ్చింది. 2025లో ఆగస్టు 8నే వచ్చేసింది. 2024లో ఏ తేదీన ఏం పోస్టు పెట్టామో చూసుకుని 2025లోనూ అలాగే పెట్టిన చీరల కొట్టువాళ్లు సరిగ్గా ఎనిమిది రోజులు వెనకబడ్డట్టే. అందుకే సోషల్ మీడియా క్యాలెండర్ వేసే ముందు పక్కన పంచాంగం ఉండాలి.

ఒక చిన్న ఊళ్లో, ఇద్దరు మనుషులతో నడిచే చీరల కొట్టు ఉందనుకుందాం. పోస్టులు పెట్టేదీ వాళ్లే, కొలిచేదీ వాళ్లే, బిల్లు రాసేదీ వాళ్లే. ఇలాంటి కొట్టుకు శ్రావణం పెద్ద సీజను. కానీ వ్రతం వారంలో హడావుడిగా పట్టుచీరల ఫొటోలు పెడితే లైకులే వస్తాయి, బేరాలు రావు. కారణం టైలరు. చీర కొన్నాక ఫాల్, పికో వేయించాలి, జాకెట్ కుట్టించాలి. శ్రావణంలో వారం, పది రోజులు పడుతుంది. పండగ దగ్గరపడితే టైలరు కొత్త గుడ్డ తీసుకోనే తీసుకోడు.

కాబట్టి లెక్క వెనక నుంచి వేయాలి. వ్రతం ఆగస్టు 8 అయితే గుడ్డ జులై 28కల్లా టైలరు చేతిలో పడాలి. అంటే పట్టుచీరల పోస్టులకు అసలు పొద్దు జులై 18 నుంచి 28 వరకు. ఫొటోలు జులై 14 వారంలోనే తీసి పెట్టుకోవాలి. 2025లో శ్రావణం మొదలైంది జులై 25న, శుక్రవారం. అంటే ఆషాఢం తగ్గింపు అమ్మకాలు ఇంకా నడుస్తుండగానే కొత్త సరుకు చూపించడం మొదలవ్వాలి. ఈ రెండూ ఒకే పోస్టులో కలిపితే కొనేవాళ్లు కొత్త చీరకూ తగ్గింపు అడుగుతారు. విడివిడిగా పెట్టడమే మేలు.

జులై 28 దాటాక సరుకు మార్చాలి. ఇక కుట్టించే పని లేనివి చూపించాలి: రెడీమేడ్ జాకెట్లు, ఆడపిల్లలకు కుట్టి ఉన్న పట్టు పరికిణీలు. చివరి నాలుగు రోజులూ వాయనానికి ఇచ్చే జాకెట్ ముక్కలవి. పదకొండు ముక్కల కట్ట ఎంతో, ఇరవై ఒకటి ఎంతో ధరతో సహా పెడితే, మధ్యాహ్నం ఫోను చేసి సాయంత్రం పట్టుకెళ్లేవాళ్లుంటారు.

ఈ పది పదిహేను రోజులూ రోజుకో పోస్టు పడాలి. మిగతా నెలంతా వారానికి మూడు చాలు. సోమవారం కొత్త సరుకు. బుధవారం పనికొచ్చే ముచ్చట ఒకటి, జరీ చీర ఎలా మడత పెట్టాలి, మంగళగిరి చీర తొలిసారి ఎలా ఉతకాలి లాంటిది. శనివారం అల్మరాలో నిలిచిపోయిన రంగులు. సీజను అయిపోగానే నెల రోజులు కొట్టు మూసేసినట్టు మౌనంగా ఉండటమే చాలామంది చేసే తప్పు. మూడు పోస్టులు తక్కువగా కనిపిస్తాయి గానీ, ఇద్దరు మనుషుల కొట్టుకు ఏడాది పొడవునా సాగేది అదే. సోమవారం పొద్దున్నే ఒక గంట కూర్చుని వారం సరిపడా ఫొటోలు తీసి, ఇన్‌స్టాగ్రామ్‌లో తేదీ, సమయం పెట్టి షెడ్యూల్ చేసేస్తే మిగతా రోజుల్లో బేరాలు చూసుకోవచ్చు. వాట్సాప్ స్టేటస్ మాత్రం ఇరవై నాలుగు గంటల్లో పోతుంది కాబట్టి ఆ రోజుకారోజు పెట్టుకోవాల్సిందే.

ఫొటో ట్యూబులైటు కింద తీయొద్దు. నెమలికంఠం రంగు చీర ఫోనులో ఉత్త నీలంగా పడుతుంది, ఇంటికెళ్లాక వెనక్కి వస్తుంది. షట్టరు దగ్గర పగటి వెలుగులో, ఒక తెల్ల కాగితం పక్కన పెట్టి తీస్తే రంగు తేడా అక్కడే తెలిసిపోతుంది. ధర కూడా రాయాలి. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అంటే అడిగే ఓపిక లేనివాళ్లు పక్క కొట్టు పోస్టుకు వెళ్లిపోతారు. ఒక్కటే పీసున్న చీర అమ్ముడైతే వెంటనే కింద ఆ మాట చేర్చాలి.

2025 ఆగస్టు క్యాలెండర్లో రాఖీ, కృష్ణాష్టమి, వినాయక చవితి కూడా ఉన్నాయి. ప్రతిదానికీ యజమాని ఫొటో వేసిన శుభాకాంక్షల పోస్టరు తయారు చేయించడం అలవాటైపోయింది. దాన్ని చూసి చీర కొన్నవాళ్లు ఉండరు. నెలకు ఒకే ఒక్క పెద్ద పండగను ఎంచుకుని బలమంతా దానిమీదే పెట్టడం నయం.

పని చేస్తోందో లేదో లైకులు చెప్పవు. కౌంటరు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, ఫోనులో ఫొటో చూపిస్తూ ‘ఇది ఉందా’ అని అడిగిన ప్రతిసారీ ఏ పోస్టో ఒక గీత గీస్తే చాలు. నెలాఖరుకు ఏ బుధవారం ముచ్చటకూ గీత పడకపోతే, దాని బదులు ఇంకో సరుకు పోస్టు వేసుకోవచ్చు. తెలంగాణలో ఉన్న కొట్టయితే ఈ గీతలు ఆగస్టు మూడో వారంలోనే లెక్కపెట్టుకోవాలి. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 21న వచ్చింది. ఆ చీరలకూ జాకెట్లు కుట్టాలి కదా.