శాలువా ఎప్పుడు? దండ ఎప్పుడు?

ఊళ్లోని గ్రంథాలయ హాల్లో పుస్తకావిష్కరణ సభ. ఆహ్వానపత్రంలో సాయంత్రం 6 గంటలని వేశారు. ముఖ్య అతిథి 6కు పది నిమిషాల ముందే కారు దిగారు. గుమ్మంలో ఎవరూ లేరు. కార్యదర్శి మైకువాడితో మాట్లాడుతున్నాడు, దండలు తెస్తానన్న కుర్రాడు ఇంకా పూలకొట్టు దగ్గరే ఉన్నాడు. పెద్దాయన తనంతట తానే లోపలికొచ్చి, వెనక వరుసలో ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నారు. ఆ తర్వాత వేదిక మీద ఎంత పెద్ద దండ వేసినా ఆ లోటు పూడదు. మన సభల్లో మర్యాదకు కరువు లేదు, అది వేళకు అందకపోవడమే ఇబ్బంది.

అందుకే అతిథిని ఎదుర్కోవడానికి ముందే ఒక మనిషిని పురమాయించాలి. అతిథి ముఖం తెలిసినవారు, వయసులో కాస్త పెద్దవారు అయితే మంచిది. ఆ సాయంత్రం వారికి ఇంకే పనీ చెప్పకూడదు. కారు దగ్గరకు వెళ్లి నమస్కరించి, లోపలికి తీసుకొచ్చి, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాలి. ఆ కాసేపట్లోనే అడిగి తెలుసుకోవలసినవి మూడున్నాయి. వారి పేరు, హోదా ఎలా చదవాలి? ఎంతసేపు ఉండగలరు? బొట్టు పెట్టడానికి, దండ వేయడానికి అభ్యంతరమేమైనా ఉందా? పూల వాసన పడనివారుంటారు, కుంకుమ పెట్టించుకునే ఆచారం లేనివారుంటారు. వేదిక మీద అందరి ముందూ చెయ్యి అడ్డం పెట్టే పరిస్థితి వారికి రానివ్వకూడదు.

వేదిక మీదికి ముందుగా పిలవవలసింది సభాధ్యక్షులను. ఆ తర్వాతే ముఖ్య అతిథిని, వారి వెనక విశిష్ట అతిథులను, ఆత్మీయ అతిథులను పిలవాలి. అధ్యక్షులు మధ్య కుర్చీలో, ముఖ్య అతిథి వారి కుడిపక్కన కూర్చోవడం మన సాహిత్య సభల్లో ఉన్న పద్ధతి. అధ్యక్షులు ఆసీనులయ్యాక సభ వారి చేతుల్లోకి వెళుతుంది. అప్పటినుంచి వ్యాఖ్యాత ఏది ప్రకటించినా ‘అధ్యక్షుల అనుమతితో’ అనే మొదలుపెట్టాలి. చాలా సభల్లో వ్యాఖ్యాతే చివరిదాకా మైకు పట్టుకుని ఉంటాడు, అధ్యక్షులు ఊరికే కూర్చుని ఉంటారు. అది ముఖ్య అతిథి కంటే ముందు అధ్యక్షులకు జరిగే అమర్యాద.

పిలుపు మాటలు చిన్నవిగా ఉండాలి. ‘ఈ సభకు అధ్యక్షత వహించవలసిందిగా శ్రీ ఫలానా గారిని సవినయంగా కోరుతున్నాం. ముఖ్య అతిథి, విశ్రాంత ఆచార్యులు డాక్టర్ ఫలానా గారిని వేదికను అలంకరించవలసిందిగా ఆహ్వానిస్తున్నాం.’ ఇంతే చాలు. వారి పుస్తకాలు, పదవులు, బిరుదులు పిలుపులో కలపకూడదు, వాటికి పరిచయం అనే ఘట్టం వేరే ఉంది. పిలుపు పొడవైతే పాపం అతిథి మెట్ల దగ్గరే నిలబడి తన పొగడ్త తానే వినాలి. డాక్టర్ అన్నాక మళ్లీ ముందు శ్రీ అక్కర్లేదు, చివర గారు ఉంటే చాలు. ఇంకొకటి, పద్మ పురస్కారాలు పొందినవారిని ‘పద్మశ్రీ ఫలానా గారు’ అని పిలవడం మనకు అలవాటు. ఆ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు ముందుగానీ వెనకగానీ తగిలించకూడదని 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆహ్వానపత్రంలోనూ, మైకులోనూ ‘పద్మశ్రీ పురస్కార గ్రహీత’ అనడమే సరైనది.

స్వాగతోపన్యాసం ముగియగానే దండ. ఇది స్వాగతంలో భాగం కాబట్టి సభ మొదట్లోనే పడాలి. శాలువా సత్కారం కిందికి వస్తుంది, అతిథి ప్రసంగం అయ్యాకే కప్పాలి. రెండూ మొదట్లోనే కానిచ్చేస్తే ప్రసంగం తర్వాత చెయ్యడానికి జ్ఞాపిక ఒక్కటే మిగులుతుంది. అతిథి త్వరగా వెళ్లాలంటే మాత్రం రెంటినీ ఒకేసారి కానివ్వవచ్చు. అప్పుడు శాలువా ముందు, దండ తర్వాత. ముందు దండ వేసి పైన శాలువా కప్పితే పూలు నలుగుతాయి, తడికి శాలువా మరకలవుతుంది, ఫొటోలో దండ కనిపించదు.

దండ వేయడంలోనూ ఒక ఒడుపు ఉంది. కొట్లో దండ మీద నీళ్లు చల్లి ఇస్తారు. వేదిక ఎక్కే ముందే పక్కకు తీసుకెళ్లి నెమ్మదిగా విదిలించాలి, లేకపోతే ఆ నీళ్లన్నీ అతిథి చొక్కా మీదే. పళ్లెంలో పెట్టేటప్పుడు చివరలు కలిపిన ముడి పైకి, కుచ్చు కిందికి వచ్చేలా సర్దిపెట్టాలి. వేసేవారు రెండు చేతులతో దండను వెడల్పుగా విప్పి పట్టుకుంటే కళ్లజోడుకు తగలదు. ముడి మెడ వెనక్కి పోవాలి, కుచ్చు ఎదురురొమ్ము మీద నిలవాలి. అతిథి పొడగరి అయితే వారే కాస్త వంగుతారు, తొందరపడి ఎగిరి వేయనక్కర్లేదు. వేశాక ఒక్క క్షణం పక్కన నిలబడితే ఫొటో వస్తుంది. చాలామంది అతిథులు వెంటనే దండ తీసి పక్కన పెట్టేస్తారు. అది తిరస్కారం కాదు, మన దగ్గర అదే మర్యాద. అందుకోవడానికి ఒకరు వెనకే సిద్ధంగా ఉండాలి.

శాలువా విషయంలో పొరపాట్లన్నీ కవరు దగ్గరే మొదలవుతాయి. ప్లాస్టిక్ సంచి చింపడం, ధర చీటీ పీకడం, గుండుసూదులు తీయడం వేదిక మీద చేసే పనులు కావు. సభకు ముందే అవన్నీ తీసేసి, నిలువుగా రెండు మడతలు పెట్టి పళ్లెంలో ఉంచాలి. కప్పేటప్పుడు జరీ అంచు పైకి కనిపించేలా, రెండు భుజాల మీదా సమంగా పడేలా చూడాలి. పెద్దవయసు అతిథిని లేపకుండా కూర్చున్నచోటనే కప్పవచ్చు. అతిథి మహిళ అయితే దండ, శాలువా మరో మహిళ చేతుల మీదుగా జరగడం మన ఊళ్లలో అందరికీ నప్పే పద్ధతి. కొందరు దండ చేతికి అందుకోవడానికే ఇష్టపడతారు, అలాగే ఇవ్వాలి.

అప్పుడు చెప్పే మాట కూడా ముందే రాసుకోవాలి. ‘అధ్యక్షుల అనుమతితో, మన ముఖ్య అతిథిని సంస్థ పక్షాన శాలువాతో సత్కరించవలసిందిగా గౌరవాధ్యక్షులు శ్రీ ఫలానా గారిని కోరుతున్నాం.’ ఎవరిని సత్కరిస్తున్నారు, ఎవరి పక్షాన, ఎవరి చేతుల మీదుగా అన్న మూడూ ఇందులో ఉన్నాయి. శాలువా కప్పేవారు అతిథికి సమానులో, పెద్దవారో అయితే నిండుగా ఉంటుంది. చందా ఎక్కువ ఇచ్చారన్న ఒక్క కారణంతో ఎవరినో పిలవడం తగదు.

సభ గాడి తప్పేది ఇక్కడే. సంస్థ శాలువా అవగానే ఒక్కొక్కరే తమ శాలువాతో పైకి వస్తారు. ఒక్కొక్కరికి నిమిషం అనుకున్నా, ఇరవైమంది వస్తే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ పుస్తక రచయిత మాట్లాడవలసినవి. 2017లో కేంద్ర హోంశాఖ, ప్రధానికి పుష్పగుచ్ఛాలు వద్దని, ఒక పువ్వు, ఖాదీ చేతిరుమాలు లేదా పుస్తకం చాలని రాష్ట్రాలకు రాసింది. 2021లో కర్ణాటక ప్రభుత్వం తన కార్యక్రమాల్లో దండలు, శాలువాలు మానేసి కన్నడ పుస్తకాలు ఇమ్మంది. మన సభల్లో దండను, శాలువాను పూర్తిగా మానెయ్యమని నేననను. స్వాగతానికి ఒక దండ, సత్కారానికి ఒక శాలువా ఉండనివ్వండి. మేమూ ఒక శాలువా తెస్తామన్న మిత్రులకు మాత్రం ముందురోజే ఫోను చేసి, దానికి బదులు ఆ సాయంత్రం ఆవిష్కరించే పుస్తకం ఒక ప్రతి కొనమని చెప్పండి.