పన్నెండు కణుపుల లెక్క

పొద్దున్నే పళ్లు తోముకుని పుక్కిలించబోతే నోట్లోని నీళ్లు కుడివైపు పెదవి చివరి నుంచి కారిపోయాయి. ఆ ఆటోడ్రైవర్ అద్దంలో చూసుకుంటే మూతి ఎడమవైపుకి లాగేసి ఉంది. కుడి కన్ను మూద్దామంటే రెప్ప సగంలోనే ఆగిపోతోంది. పక్షవాతమేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోయారు. రాత్రంతా చలిగాలిలో బండి నడిపినందుకే అన్నారు పక్కింటివాళ్లు.

ఇలాంటి మనిషి ఆసుపత్రికి వస్తే డాక్టర్ మూతి కంటే ముందు నుదురు చూస్తారు. “కనుబొమలు పైకెత్తండి” అంటారు. ఈయన ఎత్తితే ఎడమవైపు నుదుటి మీద ముడతలు పడ్డాయి. కుడివైపు మాత్రం నున్నగా ఉండిపోయింది.

అసలు విషయం ఆ ముడతల్లో ఉంది. ముఖం కింది భాగానికి మెదడులో ఎదుటి సగం నుంచే ప్రధానంగా ఆదేశాలు వస్తాయి. నుదుటికైతే రెండు సగాల నుంచీ వస్తాయి. అందుకే పక్షవాతంలో మెదడు ఒక పక్క దెబ్బతిన్నా సాధారణంగా మూతే వంకర పోతుంది, నుదురు ముడతలు పడుతూనే ఉంటుంది. ముఖానికి వచ్చే నాడే దెబ్బతింటే ఆ వైపు నుదుటి నుంచి గడ్డం దాకా అంతా జారిపోతుంది. ఈ తేడా తేల్చాల్సింది మాత్రం డాక్టరే. మూతి హఠాత్తుగా వంకర పోతే ఇంట్లో పరీక్షలు పెట్టుకుంటూ కూర్చోకూడదు. అది పక్షవాతమే అయితే, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉండే గడువు నాలుగున్నర గంటలే.

ఈ ఆటోడ్రైవర్‌లో దెబ్బతిన్నది 7వ కపాల నాడి. మెదడు నుంచి వెన్నుపాము దారి పట్టకుండా నేరుగా తలలోంచి బయటికి వచ్చే నాడులు పన్నెండు జతలు. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ వీటిని ఏడుగా లెక్కపెట్టాడు. ఇప్పటి పన్నెండు అంకెల వరస 1778లో జర్మనీకి చెందిన జోమ్మెరింగ్ ఇచ్చినది. ముందు నుంచి వెనక్కి, మెదడుకు అతుక్కున్న క్రమంలోనే ఆ అంకెలు పడ్డాయి.

గుర్తుపెట్టుకోవడానికి మన చేతివేళ్లే చాలు. బొటనవేలితో కణుపులు లెక్కపెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. చూపుడు వేలి పై కణుపు నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ కిందికి దిగాలి.

చూపుడు వేలిది వాసన, చూపు, కంటి కదలిక. 1వ నాడి ముక్కు పైకప్పులోని జల్లెడలాంటి ఎముక గుండా సన్నటి పోగులుగా పైకి వెళుతుంది. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి వాసన పోవడానికి కారణం ఆ పోగులు తెగడమే. 2వది చూపును మోసుకెళుతుంది. 3వది కంటిగుడ్డును తిప్పే కండరాల్లో చాలావాటిని నడుపుతుంది, పైరెప్పను ఎత్తుతుంది, కంటిపాపను చిన్నది చేస్తుంది.

మధ్యవేలిని కన్ను, ముఖం, కన్ను అనుకుంటే మరిచిపోరు. పైనున్న 4వది, కిందనున్న 6వది కంటివే. 4వది కంటిని ముక్కు వైపు ఉన్నప్పుడు కిందికి దించుతుంది. అది పడిపోతే మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు రెండుగా కనిపిస్తుంది. 6వది కంటిని చెవి వైపు తిప్పుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపిస్తే, ఒక్కోసారి ఈ 6వదో 3వదో దెబ్బతిని ఉంటుంది.

నడి కణుపులోని 5వది ముఖమంతటి స్పర్శనూ నొప్పినీ మోస్తుంది, నమిలే కండరాలను నడుపుతుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నాలుక మండేది ఎక్కువగా దీనివల్లే. ఆ మంట రుచి కాదు, నొప్పి. ఉల్లిపాయ కోస్తే కన్ను మండిందని మెదడుకు చెప్పేదీ 5వదే. కన్నీళ్లు తెప్పించే పని మాత్రం 7వది చేస్తుంది. కొందరిలో ఒక రక్తనాళం 5వ నాడిని మొదట్లోనే ఒరుసుకుంటూ ఉంటుంది. అప్పుడు గడ్డం గీసుకున్నా, పళ్లు తోముకున్నా, మొహానికి గాలి తగిలినా కరెంటు షాక్ కొట్టినట్టు ఒక్క క్షణం నొప్పి మెరుస్తుంది. అది పంటి పోటు అనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లు ఉన్నారు. పన్ను పోయినా నొప్పి పోదు.

ఉంగరపు వేలిది ముఖ కవళిక, చెవి, గొంతు. 7వది నవ్విస్తుంది, కన్ను మూయిస్తుంది, నాలుక ముందు భాగపు రుచి తెస్తుంది. 8వది వినికిడినీ శరీరపు తూకాన్నీ చూసుకుంటుంది. 9వది నాలుక వెనక భాగపు రుచిని, గొంతు స్పర్శను మోస్తుంది.

చిటికెన వేలి పై కణుపు 10వది. దాని లాటిన్ పేరు వేగస్‌కు దేశదిమ్మరి అని అర్థం. స్వరపేటిక, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగుల దాకా తిరిగి వస్తుంది. దీని కొమ్మ ఒకటి చెవి రంధ్రంలోకీ వెళుతుంది. చెవిలో పుల్ల పెట్టుకుంటే కొందరికి దగ్గు వచ్చేది అందుకే. 11వది భుజాలు ఎగరేయడానికి, మెడ తిప్పడానికి. 12వది నాలుక కదలికకు. అది ఒకవైపు దెబ్బతింటే, బయటికి చాపిన నాలుక ఆ దెబ్బతిన్న వైపుకే ఒరుగుతుంది.

ఇక మన ఆటోడ్రైవర్ దగ్గరికి వద్దాం. 7వది పోయిందని తేలాక కూడా డాక్టర్ మిగతా కణుపులు వదలరు. కళ్లతో వేలి కొసను అనుసరించమంటారు. కుడి కన్ను కుడివైపు తిరగకపోతే 6వది కూడా పోయినట్టే. మెదడు కాండంలో 7వ నాడి పోగులు 6వ నాడి కేంద్రాన్ని చుట్టి వస్తాయి కాబట్టి, రెండూ కలిసి పోతే లోపం అక్కడే ఉండొచ్చు. చెవి వినపడకపోతే 8వది. ఆ రెండు నాడులూ ఒకే ఎముక సొరంగంలో కలిసి వెళతాయి కనుక అక్కడ గడ్డ ఉందేమో వెతకాలి. చెవిలో పొక్కులుంటే అది హెర్పిస్ జోస్టర్ వైరస్ పని. ఇవేవీ లేకుండా 7వది ఒక్కటే ఒకటి రెండు రోజుల్లో పడిపోతే దాన్ని బెల్స్ పాల్సీ అంటారు. ఇరుకు ఎముక గొట్టంలో నాడి వాచి, కదిలే చోటు లేక నలిగిపోతుంది.

ఈయనకు కళ్లు బాగా తిరిగాయి, చెవి బాగా వినపడింది, చేతులూ కాళ్లూ మామూలుగా ఉన్నాయి. మూడు రోజుల లోపే రావడంతో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. వాటితో షుగర్ పెరుగుతుంది కనుక ముందు రక్తపరీక్ష చేయించారు. మాత్రల కంటే ఎక్కువసేపు డాక్టర్ చెప్పింది కంటి గురించి. రెప్ప మూతపడని కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడితే చూపుకే ముప్పు. పగలు గంట గంటకూ చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పను టేపుతో మూసి పడుకోవడం, బండి మీద కళ్లజోడు.

బెల్స్ పాల్సీలో పది మందికి ఏడుగురు మందు లేకపోయినా పూర్తిగా కోలుకుంటారు. స్టెరాయిడ్ ఆ అవకాశాన్ని ఇంకా పెంచుతుంది. చాలామందిలో మూడు వారాల లోపే కదలిక మొదలవుతుంది. మూడు నెలలు దాటినా ఏ మార్పూ లేకపోతే అది బెల్స్ పాల్సీయేనా అని మళ్లీ మొదటి నుంచి చూడాలి. ఈయనకు పదహారో రోజున కుడి పెదవి చివర సన్నగా కదిలింది. ఆ పొద్దున పుక్కిలిస్తే నీళ్లు ఇంకా కొద్దిగా కారాయి గాని, చొక్కా మాత్రం తడవలేదు.