వేసవిలో జెట్ మోటారు గాలి ఎందుకు లాగుతుంది?

శీతాకాలమంతా బాగా పనిచేసిన జెట్ మోటారు ఏప్రిల్‌లో మొరాయిస్తుంది. నీళ్లు పోసి స్విచ్ వేస్తే కాసేపు ధార బాగానే వస్తుంది. తర్వాత సన్నబడి, తుంపర్లుగా చిమ్మి ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు వెంటనే ఫుట్ వాల్వు మార్పిస్తారు. అయినా చాలాసార్లు తీరు మారదు.

అసలు పంపు నీటిని లాగదు. అది పైపులో పీడనం తగ్గిస్తే, బావి నీటిపై ఒత్తుతున్న గాలి నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర గాలి నెట్టగలిగేది 34 అడుగులే. పైపులో రాపిడి, మలుపుల నష్టం పోను 25 అడుగులకు మించి ఆశించకూడదు. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కనుక అక్కడ మరో రెండడుగులు తగ్గించుకోవాలి. హార్స్‌పవర్ పెంచినా ఈ హద్దు జరగదు.

కోస్తాలో ఒక ఇంటి బావి అనుకుందాం. ఫిబ్రవరిలో నీరు మోటారుకు 18 అడుగుల కింద ఉంది, ఏప్రిల్‌కి 22 అడుగులకు దిగింది. మోటారు నడిచేకొద్దీ మట్టం ఇంకో ఐదడుగులు పడితే 27. హద్దు దాటింది. అప్పుడు నీటిలో కరిగిన గాలి బుడగలై పంపులో చేరి ధారను తెంచేస్తుంది. మోటారు ఆపి గంట ఆగితే ఊట ఊరి మట్టం పెరుగుతుంది, మళ్లీ కాసేపు పోస్తుంది. తప్పు వాల్వుది కాదు, లోతుది.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కరెంటు తీసేసి, పంపుపై ప్లగ్ విప్పి, బుడగలు ఆగేదాకా నెమ్మదిగా అంచువరకు నీళ్లు నింపి అరగంట ఆగండి. నీటిమట్టం దిగిపోతే ఫుట్ వాల్వు గానీ, సక్షన్ పైపు గానీ కారుతోంది. వాల్వు పైకి తీస్తే రబ్బరు అంచున ఇసుక రేణువో, నాచో కనిపించవచ్చు. కడిగితే చాలు. మట్టం దిగకపోతే వాల్వు బాగున్నట్టే. మోటారు నడిచేటప్పుడు తాడుతో బావిలో నీరు ఎంత కింద ఉందో కొలవండి. లోతు హద్దులోనే ఉండి ధారలో బుడగలు వస్తుంటే సక్షన్ జాయింటు అనుమానించాలి. నడుస్తున్నప్పుడు అక్కడ నీరు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఆ చిల్లు కంటికి దొరకదు.

వాల్వు కొనాల్సే వస్తే, సైజు సక్షన్ పైపుకంటే చిన్నది కాకూడదు. జల్లెడ రంధ్రాలన్నీ కలిపి పైపు నోటికంటే వెడల్పుండాలి. గట్టి స్ప్రింగు వాల్వు బాగా మూసుకుంటుంది కానీ, తెరుచుకోవడానికి కొంత బలం తినేస్తుంది. లోతు హద్దు దగ్గరున్న బావికి తేలికగా తెరుచుకునే రకమే మేలు. అడుగు బురదకు కనీసం అడుగు పైన వేలాడదీయాలి. వేసవి మట్టంలో కూడా అది నీటిలో మునిగే ఉండాలి.

లోతే కారణమని తేలితే మోటారును బావిలోపలి దిమ్మె మీదకు దించాలి. లేదంటే రెండు పైపుల జెట్ పెట్టించాలి. అందులో జెట్ బావి లోపలే ఉండి, ఒక పైపులో దిగే నీటి వేగంతో మరో పైపులో నీటిని పైకి తోస్తుంది కాబట్టి 25 అడుగుల లెక్క జెట్‌కూ నీటికీ మధ్యే వర్తిస్తుంది. ఈలోగా ధార ఆగగానే స్విచ్ ఆపేయండి. మోటారు నీళ్లు లేకుండా తిరిగితే చల్లబడే దారిలేక లోపలి సీలు కాలిపోతుంది.