రెండు లక్షల ఫాలోవర్లలో చీర కొనేదెవరు?

విజయవాడలో ఒక చీరల దుకాణం, 2 లక్షల ఫాలోవర్లున్న ఇన్‌స్టాగ్రామ్ అమ్మాయితో ప్రచారం చేయించాలనుకుంటోందనుకుందాం. రీల్‌కు 8 వేల లైకులు, అంటే 4 శాతం. బాగానే ఉంది, కానీ లైకులనూ కొనుక్కోవచ్చు. అందుకే నేనైతే ముందు కామెంట్లు చదవమంటాను. "సూపర్", "నైస్" తప్ప ధరెంతని ఒక్కరూ అడగకపోతే అనుమానించాలి. ప్రతి రీల్ కిందా అవే పేర్లుంటే, ఒకరికొకరు కామెంట్లు పెట్టుకునే గుంపు కావచ్చు.

తర్వాత ఇన్‌సైట్స్ పేజీని వీడియో కాల్‌లో తెరిచి చూపించమనండి; స్క్రీన్‌షాట్‌ను దిద్దడం తేలిక. తెలుగులో మాట్లాడే ఖాతాకు ఎక్కువమంది ఫాలోవర్లు బ్రెజిల్, ఇండోనేషియాల్లో ఉంటే వాళ్లు మీ చీర కొనరు. ఫాలోవర్లు ఒక్కరోజులో వేలల్లో పెరిగారా? ఏదైనా రీల్ వైరలైనా అలా జరుగుతుంది. ఆ రోజు ఏ రీల్ పెట్టారో అడిగి, దాని వ్యూస్ చూడండి.