బ్యాటరీ మార్చినా వెలగని లైటు

కొన్న కొత్తలో కరెంటు పోతే మూడు గంటలు వెలిగిన ఎమర్జెన్సీ లైటు, రెండేళ్లు తిరిగేసరికి పది నిమిషాలకే మసకబారుతుంది. "బ్యాటరీ పోయింది, మార్చేస్తే సరి" అంటారందరూ. చాలాసార్లు అది నిజమే. కానీ కొత్త బ్యాటరీ వేశాక కూడా అదే తంతు అయితే తప్పు మరోచోట ఉందన్నమాట.

తక్కువ ధర లైట్లలో చాలావాటిలో ఉండేది 4 వోల్టుల సీల్డ్ లెడ్-యాసిడ్ బ్యాటరీ. దీన్ని చంపేవి మన అలవాట్లే, అదీ రెండు రకాలుగా. నెలల తరబడి ప్లగ్గు తీయకుండా వదిలేస్తే, బ్యాటరీ నిండినా చార్జింగ్ ఆగదు. లోపలి తేమ కొద్దికొద్దిగా ఆవిరైపోయి, డబ్బా పక్కలు ఉబ్బుతాయి. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వెలుగు పూర్తిగా చచ్చేదాకా వాడి, అలాగే అటక మీద పడేస్తాం. ఖాళీ బ్యాటరీలో సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆ పలకలు ఇక చార్జింగ్ తీసుకోవు. వెలుగు తగ్గడం మొదలవగానే ఆపేసి ఆ రోజే చార్జింగ్ పెట్టాలి. వాడకపోయినా రెండు నెలలకోసారి పెట్టాలి.

ఇక రెండో ముద్దాయి చార్జింగ్ సర్క్యూట్. చవక లైట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లు, అంతే. ఎంత కరెంటు బ్యాటరీకి చేరాలో ఆ కెపాసిటరే నిర్ణయిస్తుంది. దాని మీద 105 అని ఉంటే 1 మైక్రోఫారడ్ అని లెక్క. మన 230 వోల్టుల సరఫరా మీద అది దాదాపు 65 మిల్లీయాంపియర్లు దాటనిస్తుంది. 1 యాంపియర్-అవర్ బ్యాటరీ నిండాలంటే పదహారు, పద్దెనిమిది గంటలు పడుతుంది. ఈ కెపాసిటర్ ఒక్కసారిగా కాలిపోదు. సరఫరాలో వోల్టేజీ ఎగసినప్పుడల్లా లోపలి పొర కాస్త కాస్త కాలి, సామర్థ్యం అరిగిపోతూ వస్తుంది. ఎర్రదీపం మాత్రం ఎప్పటిలాగే వెలుగుతుంది. అది కరెంటు వస్తోందనే చెబుతుంది తప్ప ఎంత వస్తోందో చెప్పదు. మనం మోసపోయేది అక్కడే.

మా వీధి చివర రిపేరు కొట్టుకు అలాంటి లైటొకటి వచ్చింది. బ్యాటరీ కొత్తదే. రాత్రంతా చార్జింగ్ పెట్టి, ప్లగ్గు తీసి, గంటసేపు ఊరకే ఉంచి మీటరు పెడితే 3.96 వోల్టులు చూపింది. నిండిన బ్యాటరీ అయితే 4.2 దాటాలి. లైటు వేసి చూస్తే వోల్టేజీ నెమ్మదిగానే దిగుతోంది. అంటే బ్యాటరీలో సత్తువ ఉంది, దానికి తిండే చాలడం లేదు. అదే మొదట 4.2 చూపించి, లైటు వేసిన రెండు నిమిషాల్లో 3.3కి పడిపోతే బ్యాటరీ ముసలిదైపోయినట్టు. మెకానిక్ కెపాసిటర్ ఊడదీసి కొలిచాడు. 1 ఉండాల్సింది 0.28 ఉంది. ఆ లెక్కన బ్యాటరీ నిండటానికి రెండు రోజులకు పైనే పడుతుంది. అదే విలువది కొత్తది వేయగానే మర్నాటికి 4.24 వచ్చింది. త్వరగా నిండుతుందని ఇంకా పెద్ద విలువది వేయించకండి, బ్యాటరీ ఉడికిపోతుంది.

ఈ పని ఇంట్లో చేద్దామనుకునేవారికి ఒక మాట. ఈ సర్క్యూట్‌కూ వీధి కరెంటుకూ మధ్య అడ్డేమీ లేదు. ప్లగ్గులో ఉన్నప్పుడు 4 వోల్టుల బ్యాటరీ తీగ ముట్టుకున్నా షాక్ కొడుతుంది. మూత తీసే ముందు ప్లగ్గు పీకి, కొన్ని నిమిషాలు ఆగాలి. ప్లగ్గు పిన్నులను వేలితో తాకకూడదు, కెపాసిటర్‌లో నిల్వ ఉన్న కరెంటు అక్కడినుంచే కొడుతుంది. సాల్డరింగ్ రాకపోతే మెకానిక్‌కే ఇవ్వండి.

బ్యాటరీయే పోయిందని తేలితే అదే వోల్టేజీ, అదే సైజు, అదే రకం తెచ్చుకోవాలి. ఎర్రతీగ ప్లస్‌కే వెళ్లాలి. ఇప్పుడు కొందరు పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోంచి తీసిన 3.7 వోల్టుల లిథియం సెల్ ఇరికిస్తున్నారు. వోల్టేజీ దగ్గరగా ఉంది కదా అని వారి లెక్క. లిథియం సెల్‌కు 4.2 దగ్గర చార్జింగ్ ఖచ్చితంగా ఆగిపోవాలి. ఈ సర్క్యూట్‌కు ఆపడమే తెలియదు. రాత్రి ప్లగ్గులో పెట్టి పడుకుంటే సెల్ ఉబ్బి నిప్పంటుకోవచ్చు. యూఎస్‌బీతో చార్జయ్యే కొత్త లైట్లలో ఆపే చిప్ విడిగా ఉంటుంది, ఆ సెల్ వాటికే తగినది.

కొత్త లెడ్-యాసిడ్ బ్యాటరీ కొనేటప్పుడు కొట్టులోనే మీటరు పెట్టించండి. ఎన్నాళ్లుగానో అరలో ఉన్న సరుకు లోలోపలే దిగిపోయి ఉంటుంది. 4 వోల్టులకన్నా తక్కువ చూపిస్తే ఇంకోటి తీయమనండి. పాతది చెత్తబుట్టలో వేయకుండా ఆ కొట్టులోనే ఇచ్చేయండి, అందులో సీసం ఉంది.